జ్వరం ఒక్కటే ఉన్నప్పుడు ఏం చెప్పాలి: ఒక ఆశా కార్యకర్త కేసు

ఉమ్మడి ఖమ్మం జిల్లాలో పత్తి, మిర్చి పండించే ఊళ్ల మధ్య ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేను మెడికల్ ఆఫీసర్‌గా చేస్తున్నప్పటి కేసు ఇది. మనుషుల్ని గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను. ఇందులో రోగి మూడేళ్ల బాబు. కానీ నేను ఎక్కువగా గమనించింది వాళ్ల ఊరి ఆశా కార్యకర్తని. ఊళ్లో అందరూ ఆమెను ఆశమ్మ అనే పిలుస్తారు కాబట్టి ఇక్కడా అలాగే అంటాను.

వానాకాలం చివర్లో జ్వరాలు మొదలయ్యే ముందు ఆశాలకు మేం ఒక శిక్షణ పెట్టాం. విషయం మామూలే. ఎక్కువ జ్వరాలు వైరస్ వల్ల వస్తాయి, యాంటీబయాటిక్ బ్యాక్టీరియా మీదే పనిచేస్తుంది, అవసరం లేకుండా వాడితే అవసరమైనప్పుడు పనిచేయదు. బొమ్మల చార్టు ఇచ్చి పంపించాం. తర్వాతి నెల సమావేశానికి ఆశమ్మ ఆ చార్టును మడిచి సంచిలో పెట్టుకుని వచ్చింది. దాన్ని చూపిస్తే జనం మర్యాదగా వింటున్నారట, విని మందుల షాపుకు పోతున్నారట.

"ఒకామె అడిగింది సార్. రెండు పురుగులూ కంటికి కనపడవు అంటున్నావు గదా, మరి మా వాడికి వచ్చింది ఏ పురుగో నీకెట్లా తెలుసు అంది. నా దగ్గర జవాబు లేదు."

పత్తి చేలకు మందు కొట్టే ఊరు కదా అని ఆమె ఒక పోలిక కూడా ప్రయత్నించింది. పురుగు మందు కొడితే తెగులు పోతుందా, ఇదీ అంతే అని చెప్పింది. అక్కడున్న రైతు వెంటనే, "ఎందుకైనా మంచిదని మేం రెండూ కలిపే కొడతాం గదా" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. చేలో చేసేదే జ్వరానికీ చేస్తున్నారు. ఆర్ఎంపీ ఇచ్చే సెట్టులో పారాసెటమాల్, అజిత్రోమైసిన్ లేదా సెఫిక్సిమ్, గ్యాస్ మాత్ర, ఒక్కోసారి చిన్న స్టెరాయిడ్ మాత్ర కలిసే ఉంటాయి.

ఆమెను అడిగిన ప్రశ్న చాలా న్యాయమైనది. పిల్లవాణ్ణి చూడకుండా "ఇది వైరస్" అంటే ఎవరు నమ్ముతారు? పైగా మొదటి రోజు జ్వరాన్ని చూసి అది వైరసేనని నేను కూడా ఖాయంగా చెప్పలేను. చెప్పగలిగేది ఒక్కటే: ఈ రోజున యాంటీబయాటిక్ అవసరమయ్యే గుర్తులు వీడిలో ఉన్నాయా, లేవా. అందుకే ఆ సమావేశం నుంచి చార్టు పక్కన పెట్టి పిల్లల్ని పరీక్ష చేయడం మళ్లీ నేర్పించాం. జ్వరంతో పాటు ఇంకేమీ లేదని వెతికి తేల్చుకున్నాకే జ్వరం ఒక్కటే అనాలి.

ఆశా చేతిలో ఉన్న పనిముట్లు తక్కువే అయినా దీనికి సరిపోతాయి. డిజిటల్ థర్మామీటర్, ఫోన్‌లో ఒక నిమిషం టైమర్, మలేరియా ర్యాపిడ్ కిట్, కళ్లు. అన్నిటికంటే పనికొచ్చేది శ్వాస లెక్క. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, పొట్ట కదలికను పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. రెండు నెలల నుంచి ఏడాది లోపు పిల్లల్లో 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 40, లేదా అంతకంటే ఎక్కువ వస్తే దగ్గు ఉన్న బిడ్డకు న్యుమోనియాగా అనుమానించి పంపాలి. డొక్కలు ఎగరేస్తుంటే అంకెతో పని లేదు, పంపాల్సిందే. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణించే అలవాటు మా సిబ్బందిలోనూ ఉంది. అలా చేస్తే ఒక్క శ్వాస తప్పు పడినా చివరికి నాలుగు తేడా వస్తుంది. 38 ఉన్న బిడ్డ 42 అయిపోతాడు.

బాబు కేసు ఆ తర్వాత కొద్ది రోజులకే వచ్చింది.

సాయంత్రం తల్లి ఫోన్ చేసింది. నిన్న రాత్రి నుంచి జ్వరం, ముక్కు కారుతోంది, కొద్దిగా దగ్గు. క్రితం ఏడాది ఇలాగే వచ్చినప్పుడు ఆర్ఎంపీ ఇచ్చిన యాంటీబయాటిక్ పొడి సిరప్ సీసాలో సగం మిగిలి ఉంది, అది వేయమంటావా అక్కా అని అడిగింది. నీళ్లు పోసి కలిపిన ఆ సిరప్ ఒకటి రెండు వారాలకు మించి పనికిరాదు, ఏడాది సంగతి చెప్పనక్కర్లేదు. అయితే ఆశమ్మ ఫోన్‌లో "వేయొద్దు" అని మాత్రం అనలేదు. "నేను వస్తున్నా, వచ్చి చూశాక మాట్లాడుకుందాం" అంది. నా దృష్టిలో ఈ కేసు సరైన దారిలో పడింది ఇక్కడే. ఫోన్‌లో వద్దంటే ఆ తల్లి మారు మాట్లాడకుండా వేసేసేది.

వెళ్లేసరికి బాబు నాయనమ్మ ఒళ్లో ఉన్నాడు. చంకలో 101.6 ఫారన్‌హీట్. ఆశమ్మ చొక్కా ఎత్తి, ఫోన్ టైమర్ తల్లి చేతికిచ్చి, "నువ్వు కూడా లెక్కపెట్టు" అంది. ఆశమ్మకు 34 వచ్చింది, తల్లికి 35. డొక్కలు ఎగరేయడం లేదు. నీళ్లిస్తే తాగాడు, వాంతి చేసుకోలేదు. మధ్యాహ్నం నుంచి రెండుసార్లు ఉచ్చ పోశాడు, పోసేటప్పుడు ఏడవలేదు. చెవిలో చీము లేదు, చెవి పట్టుకుని ఏడవడం లేదు. ఒంటి మీద దద్దుర్లు లేవు. మెడ వంచి తన బొడ్డు చూసుకోగలిగాడు. వేలి నుంచి చుక్క రక్తం తీసి మలేరియా కిట్ మీద వేసి, కిట్ మీద రాసి ఉన్నంత సేపు ఆగి చూస్తే ఒక్క గీతే, అంటే నెగెటివ్. చూస్తున్నంత సేపూ ప్రతి విషయం పైకి చెబుతూనే ఉంది. "ఊపిరి బాగుంది, ఆయాసం లేదు. నీళ్లు తాగుతున్నాడు. మెడ బిగుసుకోలేదు." ఇది కూడా మేం సాధన చేయించిందే. మనసులో చూసుకుని చివర్లో "ఏం లేదు" అంటే, చూసి చెప్పినట్టు ఎదుటివాళ్లకు తెలియదు.

తర్వాత తల్లిని అడిగింది, "నీకు దేని గురించి భయంగా ఉందమ్మా?"

తల్లి యాంటీబయాటిక్ మాట ఎత్తనే లేదు. పక్కింటి పిల్లకు జ్వరంలో ఫిట్స్ వచ్చాయని, వీడికీ వస్తాయేమోనని రాత్రంతా టెన్షన్‌తో కూర్చున్నానని చెప్పింది. పారాసెటమాల్ వేస్తే తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోంది, అంటే అది పనిచేయడం లేదు, కాబట్టి పెద్ద మందు కావాలి. ఆమె లెక్క అది. వైరస్, బ్యాక్టీరియా చార్టు ఈ భయాన్ని అసలు తాకదు.

ఇక్కడ రెండు పనులు చేయాల్సి వచ్చింది. మొదటిది మందు డోసు. ఎంత వేస్తున్నావని అడిగితే తల్లి మూతలో 2.5 మిల్లీలీటర్ల గీత చూపించింది. అది బాబు చంటిబిడ్డగా ఉండి పెంటావలెంట్ టీకా వేయించుకున్నప్పుడు చెప్పిన డోసు. ఇప్పుడు వాడి బరువు 12 కిలోలు. కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున 180 మిల్లీగ్రాములు కావాలి. వాళ్లింట్లో ఉన్నది 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాముల సిరప్, కాబట్టి 7 మిల్లీలీటర్ల దాకా వేయాలి. వేస్తున్నది అందులో మూడో వంతు. పిల్లల జ్వరాల్లో యాంటీబయాటిక్ దాకా తీసుకెళ్లే కారణాల్లో ఇది చాలా సాధారణమైనదని, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరని నా అనుభవం. సరిపోని డోసు వేస్తాం, తగ్గదు, మందు బలం చాలదనుకుంటాం.

అయితే డోసు చెప్పే ముందు సీసా చేతిలోకి తీసుకుని చదవాల్సిందే. అదే కంపెనీ, దాదాపు అదే రంగు డబ్బాలో 5 మిల్లీలీటర్లకు 250 మిల్లీగ్రాముల సిరప్ కూడా దొరుకుతుంది. దానితో 7 మిల్లీలీటర్లు వేస్తే 350 మిల్లీగ్రాములు వెళ్తుంది. రోజుకు నాలుగుసార్లు అలాగే వేసుకుంటూ పోతే లివర్‌కు ప్రమాదం. ఆశమ్మ సీసా మీది అంకెను తల్లి చేత చదివించింది. మూత మీద 7 దగ్గర పెన్నుతో గీత పెట్టి, రెండు డోసుల మధ్య కనీసం ఆరు గంటలు, రోజుకు నాలుగుకు మించొద్దు అని చెప్పింది.

రెండో పని ఫిట్స్ భయం. ఇక్కడ అబద్ధం చెప్పడం చాలా సులువు. మందు సరిగ్గా వేస్తే ఫిట్స్ రావు అనేస్తే తల్లి ఊరట పడుతుంది. కానీ అది నిజం కాదు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు కొంతమంది పిల్లల్లో జ్వరంతో ఫిట్స్ వస్తాయి. వాటిని పారాసెటమాల్ ఖాయంగా ఆపలేదు, యాంటీబయాటిక్ అసలే ఆపదు. అందుకే ఆశమ్మ చెప్పిన మాటలు ఇవి: "వస్తాయని కాదు, రావని నేను మాట ఇవ్వలేను. వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టు. నోట్లో ఏమీ పెట్టొద్దు, తాళాలు చేతిలో పెట్టొద్దు. 108కి ఫోన్ చెయ్, తర్వాత నాకు చెయ్." నాయనమ్మ తాళాల మాటకు నొచ్చుకుంది. వాళ్ల ఇంట్లో అది తరాలుగా ఉన్న పద్ధతి. ఆశమ్మ వాదించలేదు. "పెద్దమ్మా, మీరు వాడి తల పక్కకు తిప్పి పట్టుకోండి, ఆ పని మీకే బాగా చేతనవుతుంది" అంది. సబ్‌సెంటర్‌లో సాధన చేసేటప్పుడు మా ఏఎన్ఎం నాయనమ్మ వేషం వేసి ఆమెను నానా తిప్పలు పెట్టింది, అది ఇక్కడ పనికొచ్చింది.

ఆ తర్వాత చెప్పినదే ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యం. రాబోయే రోజుల్లో జ్వరం ఎలా నడుస్తుందో ముందే చెప్పేసింది. "రేపు జ్వరం వస్తుంది. ఎల్లుండి కూడా రావచ్చు. మందు వేశాక తగ్గుతుంది, దాని పని అయిపోయాక మళ్లీ ఎక్కుతుంది. అట్లా ఎక్కితే జబ్బు ముదిరినట్టు కాదు, మందు పనిచేయనట్టూ కాదు. మూడు నాలుగు రోజుల్లో దానంతట అదే దిగాలి." గోడ మీది క్యాలెండర్‌లో జ్వరం మొదలైన తేదీ చుట్టూ సున్నా చుట్టి, అక్కణ్ణుంచి నాలుగో రోజుకు ఇంకో సున్నా చుట్టింది. ఆ రోజుకు తగ్గకపోతే పీహెచ్‌సీకి రావాలి. నీళ్లు తాగకపోయినా, ఏం పెట్టినా వాంతి చేసుకున్నా, ఆయాసపడినా, లేపినా లేవకుండా మత్తుగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా ఏ రోజైనా, ఏ వేళైనా రావాలి.

ముందే చెప్పడం ఎందుకు ముఖ్యమో అజిత్రోమైసిన్ సంగతి చూస్తే తెలుస్తుంది. దాన్ని మామూలుగా మూడు రోజుల కోర్సుగా ఇస్తారు. మామూలు వైరల్ జ్వరం మూడు నుంచి ఐదు రోజుల్లో తగ్గుతుంది. రెండో రోజు కోర్సు మొదలుపెడితే చివరి డోసూ జ్వరం తగ్గడమూ ఒకే రోజున పడతాయి. చూసినవాళ్లెవరైనా మందే తగ్గించిందనుకుంటారు. తల్లి తెలివితక్కువదై అలా అనుకోదు, కళ్ల ముందు జరిగింది చూసే అనుకుంటుంది. ఆ నమ్మకాన్ని చార్టు చెరపలేదు. జ్వరం నాలుగో రోజున తగ్గుతుందని ఒక మనిషి ముందే చెప్పి, ఏ కోర్సూ లేకుండా అదే జరిగితే చెరుగుతుంది.

రెండో రోజు రాత్రి జ్వరం 103కి ఎక్కింది. తండ్రి హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, సూది వేయించమని గొడవ. తల్లి ఆశమ్మకు ఫోన్ చేసింది. ఆశమ్మ మొదట అడిగింది జ్వరం అంకె కాదు. ఊపిరి లెక్కపెట్టమంది, 37. మందు వేసి ఒక గంట ఆగి మళ్లీ లెక్కపెట్టి చెప్పమంది, 32. ఆడుకోవడానికి బొమ్మ అడిగాడా, నీళ్లు తాగాడా అని అడిగింది. రెండూ అవును. "నిన్న మనం అనుకున్నట్టే నడుస్తోంది" అంది. తండ్రితో తల్లే మాట్లాడుకుంది.

మూడో రోజు ముక్కు నుంచి పచ్చగా, చిక్కగా కారడం మొదలైంది. చీము పట్టింది, ఇప్పుడైనా యాంటీబయాటిక్ కావాలి గదా అని తల్లికి అనుమానం. మామూలు జలుబు కూడా తగ్గే దారిలో అలా చిక్కబడి రంగు మారుతుంది. రంగును బట్టి యాంటీబయాటిక్ ఇవ్వరు. ఈ ప్రశ్న వస్తుందని మేం ఆశమ్మకు చెప్పి ఉంచాం గానీ, ఆమె దాన్ని మొదటి రోజే తల్లికి చెప్పలేదు. అన్నీ ఒకేసారి చెబితే ఏదీ గుర్తుండదని ఆమె అభిప్రాయం. నేను ఏకీభవిస్తాను.

నాలుగో రోజు పొద్దునకి జ్వరం లేదు. అయినా ఆశమ్మ వెళ్లింది, ఎందుకంటే అది డెంగీ కాలం. డెంగీలో ప్రమాదం జ్వరం ఎక్కువగా ఉన్నప్పటి కంటే జ్వరం దిగే రోజుల్లోనే ఎక్కువ, సాధారణంగా మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య. కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, చేతులు కాళ్లు చల్లబడటం, మత్తు, ఉచ్చ తగ్గడం అప్పుడే కనపడతాయి. బాబు అన్నం తిని గోడ మీద బొగ్గుతో గీతలు గీస్తున్నాడు. ఉచ్చ బాగానే ఉంది. అక్కడితో ఆ కేసు అయిపోయింది.

డెంగీ సంగతి చెప్పాక, ఊళ్లో బాగా పనిచేసిన వాదన గురించి కూడా చెప్పాలి. మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరుగుతాయి అన్న మాట ఎవరినీ కదిలించలేదు. అది ఎప్పుడో, ఎవరికో జరిగే సంగతిగానే వింటారు. విరేచనాలు పట్టుకుంటాయంటే కొంచెం విన్నారు. కానీ ఆశమ్మ స్వయంగా కనిపెట్టి వాడింది వేరే. కోర్సు మొదలుపెట్టిన ఇంట్లో అందరూ కోర్సు పూర్తయ్యేదాకా ఆగుతారు. జ్వరం దిగితే మందు పనిచేసిందని నిశ్చింతగా ఉంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే డెంగీ మనిషిని దెబ్బ తీయవచ్చు. "మందు పడిందిలే అని మీరు చూడటం మానేస్తారు, నా భయం అది" అని చెప్పేది. మా పీహెచ్‌సీకి ఆలస్యంగా వచ్చే కేసులు చూసిన నాకు ఇంతకంటే నిజమైన మాట తోచలేదు.

ఆమె నేర్చుకున్నదానికి గట్టి పరీక్ష మాత్రం బాబు కాదు. పత్తి తీతకు వెళ్లే ఒక నలభై ఏళ్ల ఆమెకు జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు వచ్చాయి. రెండో రోజే ఆర్ఎంపీ దగ్గర వైడాల్ రక్తపరీక్ష చేయించి, "పాయింట్లు ఎక్కువున్నాయి, టైఫాయిడ్" అని సెఫిక్సిమ్ మొదలుపెట్టారు. టైఫాయిడ్ వచ్చిన మనిషిలో కూడా వైడాల్‌కు దొరికే యాంటీబాడీలు పెరగడానికి దాదాపు వారం పడుతుంది. పాత జబ్బు వల్లో, వేరే జ్వరం వల్లో పాయింట్లు కనపడటం మామూలే. అందుకే రెండో రోజు చేసిన వైడాల్‌తో ఏదీ తేల్చలేం. ఆశమ్మకు ఈమె సంగతి ఆరో రోజున తెలిసింది. జ్వరం ఇంకా 102.

ఆశమ్మ వెళ్లి మొదట అడిగింది, జ్వరం ఏ రోజు మొదలైందని. జనం సాధారణంగా డాక్టరు దగ్గరికి పోయిన రోజు నుంచి లెక్కపెడతారు, దాంతో రెండు మూడు రోజులు మాయమవుతాయి. సంతకు పోయొచ్చిన రాత్రి చలి పెట్టిందని తేలింది, దాని ప్రకారం ఆరు రోజులు. తర్వాత బట్టలు సడలించి చంకలు, నడుము, రొమ్ముల కింద చూసింది. నడుము దగ్గర చీర కుచ్చిళ్ల కింద నొప్పి లేని ఒక నల్లటి చెక్కు. పొలాల్లో, పొదల్లో ఉండే సన్నటి నల్లి పిల్ల కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్‌లో ఇలాంటి చెక్కు కనపడుతుంది. అందరిలో కనపడదు, కనపడితే మాత్రం చాలా బలమైన గుర్తు. మధ్యాహ్నానికల్లా ఆమె నా ముందు ఉంది. డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, వారం పాటు ఇచ్చాను. రెండు రోజుల్లో జ్వరం దిగింది. అప్పటిదాకా మింగిన సెఫిక్సిమ్ ఈ జబ్బు మీద పనిచేయదు.

ఆ ఇంటివాళ్లు ఆశమ్మను నిలదీశారు. నువ్వే గదా జ్వరానికి యాంటీబయాటిక్ వద్దని ఊరంతా చెబుతున్నావు, ఇప్పుడు పెద్ద డాక్టరు అదే ఇచ్చాడేంటి? ఆమె జవాబును సమావేశంలో మళ్లీ చెప్పించుకుని విన్నాం. "జ్వరానికి ఇవ్వలేదు, ఆ చెక్కు చూసి ఇచ్చాడు. నేను వద్దన్నది జ్వరం తప్ప ఇంకేమీ లేనప్పుడు. ఆరు రోజులైంది, చెక్కుంది, ఇంక అది ఉత్త జ్వరం కాదు." ఏ రోజు ఏం కనపడితే మాట మారుతుందో మొదటే చెప్పి ఉంచకపోతే ఈ జవాబు తప్పించుకోవడంలా వినిపించేది. యాంటీబయాటిక్ చెడ్డది అని ప్రచారం చేసిన ఊళ్లలో నిజంగా అవసరమైనవాళ్లు కూడా సగంలో మానేయడం చూశాను. అది ఇంకో రకం నష్టం.

ఆర్ఎంపీ సంగతి తేలలేదు. ఆయన రాత్రి తొమ్మిదింటికి కూడా తలుపు తీస్తాడు, అప్పు పెడతాడు, ఊరివాడు. సెఫిక్సిమ్ 2014 నుంచి షెడ్యూల్ హెచ్1లో ఉంది, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, షాపువాడు రిజిస్టర్‌లో రాసుకోవాలి. ఊళ్లో అది ఎంత జరుగుతుందో అందరికీ తెలుసు. ఆశమ్మ ఆయనతో యాంటీబయాటిక్ గురించి గొడవ పడకుండా ఒక్కటే అడిగింది. డెంగీ కాలంలో జ్వరానికి డైక్లోఫెనాక్ సూది వేయొద్దు, రక్తస్రావం ప్రమాదం ఉంది, పారాసెటమాల్‌తో సరిపెట్టు అని. దానికి ఆయన ఒప్పుకున్నాడు. సెట్టు మాత్రలు మాత్రం నడుస్తూనే ఉన్నాయి.

ఈ పద్ధతి వర్తించని పిల్లలు ఎవరో చెప్పి ముగిస్తాను. రెండు నెలల లోపు బిడ్డకు జ్వరం వస్తే పైన చెప్పిన మాటలేవీ అక్కర్లేదు. ఆ వయసులో తీవ్రమైన ఇన్ఫెక్షన్ కూడా ఒట్టి జ్వరంగానే కనపడవచ్చు, ఒక్కోసారి జ్వరం బదులు ఒళ్లు చల్లబడుతుంది, పాలు తాగడం మానేస్తాడు. చంకలో 99.5 ఫారన్‌హీట్ లేదా అంతకు మించి ఉంటే ఆశా చేయాల్సింది బిడ్డను తల్లి ఒంటికి ఆనించి వెచ్చగా ఉంచి, తాగగలిగితే దారిలో పాలు పట్టిస్తూ, ఆ గంటలోనే ఆసుపత్రికి పంపడం. క్యాలెండర్ మీద సున్నాలు, నాలుగో రోజు దాకా ఎదురుచూడటం అంతకంటే పెద్ద పిల్లలకే. పుట్టుకతో గుండె జబ్బు ఉన్నవాళ్లకు, బాగా బరువు తక్కువ ఉన్న పిల్లలకు, గర్భిణులకు కూడా మేం ఎదురుచూడమని చెప్పం. వాళ్లను మొదటి రోజే పీహెచ్‌సీకి పంపమని ఆశాలకు చెప్పాం.